నంబరు లేని ముక్క

అర్థమైందా అని నేనెవరినీ అడగను. అడిగితే లోకంలో అందరూ అర్థమైందనే అంటారు. మా ఆయన పాతికేళ్లుగా అంటూనే ఉన్నాడు. నా పద్ధతి వేరు. కాగితం చేతికిస్తాను, వస్తువు ముందు పెడతాను, "ఊఁ, ఇప్పుడు చెయ్యండి" అంటాను. మందుల కాగితాలు అనువాదం చేసేవాళ్లు ఈ మాత్రం చెయ్యకపోతే ఇంట్లో కూర్చోవడం నయం అని నా గట్టి నమ్మకం.

ఆ రోజు నా చేతిలో ఉన్నది మూర్ఛ మాత్రల నోటీసు. ఒక బ్యాచ్‌లో మందు ఉండాల్సినంత లేదని పరీక్షలో తేలింది, కంపెనీ ఆ బ్యాచ్‌ని వెనక్కి పిలుస్తోంది. మందుల షాపులకు ఒక కాగితం, మాత్రలు వాడేవాళ్లకు ఒక కాగితం. సాయంత్రానికల్లా రెండూ ప్రెస్సుకు వెళ్లాలి, ఫోన్లలో మెసేజీలుగా కూడా వెళ్లాలి. కంపెనీ తరఫున నాతో మాట్లాడే క్వాలిటీ ఆఫీసరుకు నేను మనసులో కామా సార్ అని పేరు పెట్టుకున్నాను. ఒక కామా జరిగినా ఫోన్ చేస్తాడు మహానుభావుడు.

పరీక్షకు మా వీధి చివరి మందుల షాపుకు వెళ్లాను. మా వదినను కూడా అక్కడికే రమ్మన్నాను. వదినంటే మా ఆయన అక్కగారు. ఆవిడ వాడేది సరిగ్గా ఈ మాత్రే. ఒకప్పుడు మూర్ఛ వచ్చి గచ్చు మీద పడినప్పటి గాటు నుదుటి మీద ఇంకా ఉంది. ఈ మందు పడ్డాకే మనిషి నిలదొక్కుకుంది, బేకరీలో పొయ్యి దగ్గర పనికి కుదిరింది. ఆ పనంటే ఆవిడకు ప్రాణం. నేనంటే మాత్రం అంత లేదు.

"ఏమే, నీ పరీక్షలకు నేనే దొరికానా? షిఫ్టుకి టైమవుతోంది" అంటూనే వచ్చింది.

"ఒక్క పది నిమిషాలు వదినా. మీ మాత్రలు తెచ్చారా?"

"తెచ్చాన్లే. ముందు ఆయన పరీక్ష కానివ్వు."

షాపాయనకు ఆయన కాగితం ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని, ఒక్కో లైనూ చదివి, చదివిందల్లా చేశాడు. అరలోంచి ఆ మాత్రల పెట్టెలు దించి నంబర్లు చూశాడు. అన్నీ ఆ బ్యాచే. వాటిని అట్టపెట్టెలో పడేసి, పైన "అమ్మకూడదు" అని లావుపాటి పెన్నుతో రాసి కౌంటరు కింద పెట్టాడు. ఎక్కడా తడబడలేదు, నన్నొక్క ప్రశ్న అడగలేదు. నాకు లోలోపల ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

"చూశారా వదినా?" అన్నాను.

"ఆయన చదువుకున్నవాడు. నీ గొప్పేముంది ఇందులో" అని, తన కాగితం లాక్కుంది.

అందులో మొదటిది, స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు చూసుకోండి. అది ఫలానా నంబరైతే షాపులో ఇచ్చేసి, బదులు కొత్త మాత్రలు తీసుకోండి. మీ అంతట మీరే మందు ఆపకండి, మోతాదు పెంచకండి. మీ నంబరు అది కాకపోతే మీ మాత్రలకు ఏమీ ఇబ్బంది లేదు, ఎప్పటిలాగే వాడుకోండి.

వదిన సంచీలోంచి మాత్రలు తీసింది. నాలుగు మాత్రలున్న ముక్క. ఇటు తిప్పింది, అటు తిప్పింది, వెలుతురుకు పెట్టి చూసింది.

"నంబరేది?"

నేను నోరు మెదపలేదు. పరీక్షలో సాయం చెయ్యకూడదు.

"లేదు కదా" అని తనే జవాబు చెప్పుకుంది. "లేదంటే మనది కాదన్నమాట. ఇబ్బంది లేదన్నారుగా." ముక్క తిరిగి సంచీలో వేసుకుంది. "అయిపోయిందా నీ పరీక్ష? నే వెళ్తున్నా."

నా కాగితం పరీక్ష తప్పింది. ఆవిడ తప్పేం లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేసింది.

"ఆగక్కా" అన్నాడు షాపాయన. "ఆ ముక్క నేనే కత్తిరించి ఇచ్చాను. విడిగా అమ్మినప్పుడు నంబరున్న కొస మా దగ్గరే ఉంచుకోవాలి. అదే పద్ధతి." సొరుగులోంచి ఒక డబ్బా తీశాడు. అందులో అన్నీ కత్తిరించిన కొసలే. వెతికి ఒకటి పైకి తీసి, వదిన ముక్క పక్కన పెట్టి చూశాడు. కత్తెర గాటు వంకర రెండింటికీ సరిపోయింది. నంబరు చదివాడు.

ఆ బ్యాచే.

ఆ తర్వాత షాపాయన కాగితంలో తన వంతు చూసుకున్నాడు. "కొన్నవాళ్ల దగ్గర ఉన్నవి వెనక్కి తీసుకోండి" అని ఉంది. ముక్క తీసి అట్టపెట్టెలో వేశాడు.

"మరి కొత్తవి?" అంది వదిన.

"ఉన్నవన్నీ ఇదే బ్యాచ్ కదక్కా. స్టాకు రాగానే ఫోన్ చేస్తాను."

"సరేలే, ఏం చేస్తాం" అని వదిన సంచీ భుజాన వేసుకుంది.

నా రెండు కాగితాలూ అక్షరం పొల్లుపోకుండా అమలయ్యాయి. రెండింట్లోనూ అబద్ధం ఒక్కటి లేదు. అయినా, మందు ఆపితే ప్రాణం మీదికొచ్చే మనిషి ఒట్టి చేతులతో పొయ్యి దగ్గరికి బయల్దేరింది. ఇదే కాగితం సాయంత్రానికి ఎన్ని వేల ఇళ్లకు వెళ్తుందో!

వదిన సంచీ పట్టి వెనక్కి లాగాను.

"వదులే! తెగుతుంది!"

"తెగనివ్వండి. మీరు కదలొద్దు. అన్నయ్యగారూ, ఆ ముక్క ఆవిడకిచ్చెయ్యండి."

"ఎలా ఇస్తాను మేడమ్? ఎవరికీ ఇవ్వొద్దని మీరే రాశారు." ఆయన అన్నదీ నిజమే. నాకు ఆయన మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది, కామా సార్ మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఫోన్ చేసి జరిగింది గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

"మేడమ్, మూలంలో లేనిది మీరు కలపకూడదు" అన్నాడు.

"కలపను సార్. మూలాన్నే మార్చండి."

"అధికారులు ఆమోదించిన పాఠం అది. పైగా అవతల ప్రెస్సువాళ్లు కాచుకుని కూర్చున్నారు."

"కూర్చోనివ్వండి! కూర్చున్నవాళ్లకు మూర్ఛ రాదు. ఇక్కడ నిలబడ్డావిడకు వస్తుంది."

"మీరు ఆవేశపడుతున్నారు."

పడక? నేను నోరు తెరిచేలోపు షాపాయన ఫోన్ స్పీకరు నొక్కమని సైగ చేశాడు. నొక్కాను.

"సార్, నేను షాపతన్ని. ఈ అక్క చేతిలో మందు తీసేసుకున్నాను. బదులివ్వడానికి నా దగ్గర ఒక్క మాత్ర లేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? మీ కాగితం ముందు పెట్టుకునే అడుగుతున్నాను, అందులో లేదు."

"బలం తక్కువైన మందన్నారు కదా" అంది వదిన ఫోన్ దగ్గరికి వంగి. "పోనీ అవే రెండేసి వేసుకోనా? నాది పొయ్యి దగ్గర పని సార్."

"వద్దమ్మా, వద్దు!" ఆయన గొంతు ఒక్కసారిగా మారిపోయింది. అంతసేపూ కామాలు చూసిన మనిషికి అప్పుడు మా వదిన కనిపించింది. "లైన్లో ఉండండి. మా డాక్టరుగారిని కలుపుతాను."

ఆ కాసేపూ వదిన నుదుటి గాటు తడుముకుంటూ నిలబడింది. నేను సంచీ వదల్లేదు. ఆవిడా లాక్కోలేదు.

డాక్టరమ్మ వదిననే నేరుగా అడిగింది. ఎంత మోతాదు, ఈ ముక్కలోవి ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు, మధ్యలో ఏమైనా తేడా అనిపించిందా. తర్వాత స్పష్టంగా చెప్పింది. ఆ ముక్క వెంటనే ఆవిడకు ఇచ్చెయ్యండి. అసలు మందు లేకపోవడం కంటే తక్కువ మందు నయం. కొత్తవి చేతికొచ్చేదాకా అవే, ఎప్పుడూ వేసుకునేంతే, ఎప్పుడూ వేసుకునే వేళకే. మూర్ఛ వస్తే ఆసుపత్రికి. ఈ రోజే ఆవిడ డాక్టరుకు ఫోన్ చెయ్యాలి, ఆయన సరే అనేదాకా పొయ్యి దగ్గర నిలబడకూడదు.

"పని పోతుంది" అంది వదిన మెల్లిగా. ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదటిసారి.

"పోదు. ప్యాకింగ్ బల్ల దగ్గర పెట్టమని నేను మాట్లాడతాను మీ ఓనరుతో" అన్నాను.

"నువ్వు మాట్లాడితే ఉన్నది కూడా పోతుంది. నేనే మాట్లాడుకుంటాలే." మాట పెళుసే, కళ్లలో మాత్రం నీళ్లున్నాయి.

షాపాయన అట్టపెట్టె తెరిచి ముక్క తీసి వదిన చేతిలో పెట్టాడు. కామా సార్ ప్రెస్సును ఆపించి, అధికారుల దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరమ్మ రాసి, వాళ్లు సరేనన్న కొత్త వాక్యాలు ఫోనులోకి వచ్చేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. నేను కౌంటరు మీదే, దగ్గుమందు సీసాలు పక్కకు జరిపి, అక్కడికక్కడే తెలుగు చేశాను.

షాపులకు ఇలా రాశాను. "ముందు కొత్త మాత్రలు ఇవ్వండి. ఆ తర్వాతే పాతవి తీసుకోండి. ఇవ్వడానికి కొత్తవి లేకపోతే పాతవి తీసుకోకండి; ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని చెప్పండి. ముక్క కత్తిరించి ఇస్తే కవరు మీద బ్యాచ్ నంబరు రాయండి."

వాడేవాళ్ల కాగితంలో మొదటి వాక్యమే మారిపోయింది. "మందు ఆపకండి. కొత్త మాత్రలు చేతిలోకి వచ్చేదాకా, ఉన్నవే ఎప్పుడూ వేసుకునేంత వేసుకోండి. ఎక్కువ వేసుకోకండి." నంబరు సంగతి ఆ తర్వాతే వస్తుంది. "నంబరు కనిపించకపోతే మీవి కూడా ఆ బ్యాచ్ మాత్రలే అనుకోండి. షాపుకు వెళ్లండి, మీ డాక్టరుకు ఈ రోజే ఫోన్ చెయ్యండి."

కామా సార్‌కు చదివి వినిపించాను. ఒక్క కామా కూడా మార్చమనలేదు. "ఇంకోసారి పరీక్ష చెయ్యండి మేడమ్" అన్నాడు. "నేను ఫోన్లోనే ఉంటాను."

వదిన అప్పటికి తన డాక్టరుతో, ఓనరుతో మాట్లాడి వచ్చి బల్ల మీద కూర్చుంది. ప్యాకింగ్‌కు ఒప్పుకున్నాడట, సణుగుతూ. డిస్ట్రిబ్యూటరు వ్యాను కూడా అప్పుడే వచ్చింది. షాపాయన కొత్త పెట్టెలు దించుకుని, కొత్త కాగితం గోడకు అంటించాడు. వదిన చేతికి ఆవిడ కాగితం ఇచ్చాను. పెదాలు కదుపుతూ, వేలు పెట్టి, చివరిదాకా చదివింది.

షాపాయనకు ఆ రోజు మనసు మనసులో లేదు. మనిషి అలిసిపోయాడు. అలవాటు చొప్పున ముందుకు చెయ్యి చాపాడు.

"ఇటివ్వక్కా ఆ పాత ముక్క."

వదిన గుప్పిట బిగించింది. చెయ్యి వెనక్కి లాక్కుని వీపు వెనకాల దాచుకుంది.

"ముందు కొత్తవి ఇక్కడ పెట్టు" అంది, కౌంటరు మీద అరచేత్తో చరిచి. "కవరు మీద నంబరు రాసి పెట్టు. గోడకంటించావు కదా, చదవలేదా?"

షాపాయన నాలుక కరుచుకుని, నంబరు రాసి, మాత్రలు పెట్టాడు. ఆవిడ వాటిని ఎడమ చేత్తో అందుకుని, నంబరు రెండుసార్లు చూసుకుని, అప్పుడు గుప్పిట విప్పింది. నా వంక చూడనైనా లేదు, ఒక్క మాట అడగలేదు.

ఫోనులో కామా సార్ "ఏమైంది మేడమ్, ఏమైంది?" అంటున్నాడు.

"ప్రెస్సువాళ్లను మొదలుపెట్టమనండి సార్" అన్నాను.