ట్రిప్పర్ పడిపోతోంది

చెల్లెలు కట్టిస్తున్న ఇంటి దగ్గర, మీటరు పక్కనున్న పెట్టెలో, కరెంటు లీకైతే సప్లై ఆపేసే ట్రిప్పర్ మళ్లీ టక్కున పడిపోయింది. ఆ పెట్టె బిగించిన అన్న మేస్త్రి మీద ఇంతెత్తున లేచాడు.

"నీ కాంక్రీటు మిక్సరు తీసుకెళ్లి పాత సామాన్లవాడికి అమ్మేయ్! కరెంటంతా దాని బాడీకే కొడుతోంది."

మేస్త్రి మిక్సరు ప్లగ్గు పీకేశాడు. అన్న ట్రిప్పర్ ఎత్తాడు. అది మళ్లీ పడిపోయింది. కూలీలు నవ్వు ఆపుకున్నారు.

"అయితే ఈ ట్రిప్పరే దండగది. దీన్ని తప్పించి డైరెక్టు చేసేస్తా." అన్న జేబులోంచి వైరు ముక్క తీశాడు.

"మొన్న లారీ ఇసుక దింపిన దగ్గర్నుంచే పడుతోంది. గోడలు తడిపాక మరీ ఎక్కువ" అన్నాడు మేస్త్రి మెల్లగా.

అన్న చేయి ఆగిపోయింది. మెయిను కట్టేసి, లారీ తిరిగే దారిలో తడిమట్టి తవ్వాడు. అక్కడ పెట్టె నుంచి తాను పాతిన కేబులు లారీ చక్రం కింద నలిగి, తోలు చిరిగి, రాగి బయటపడి ఉంది. దానికి పైపు తొడగలేదు. "నాలుగు నెలల పనికి పైపెందుకు?" అన్నది తానే. చెల్లెలు కొనిచ్చిన పైపు ఇంకా గోడవారనే పడి ఉంది.

మేస్త్రి వైపు చూడలేక అన్న తల దించుకున్నాడు. ఆ గుంట అంచున బురదలో రెండు పాదాలు కనిపించాయి. చెల్లెలు బిందెతో నిలబడి ఉంది.

"ఎర్తు గుంటలో రోజూ నీళ్లు పోయమన్నావుగా అన్నయ్యా? రోజూ ఈ దారినే వస్తున్నా. బురదకి చెప్పులు జారుతున్నాయని విప్పేశాను."

డైరెక్టు చేయడానికి తీసిన వైరు ముక్క ఇంకా అతని చేతిలోనే ఉంది.