ముప్పై దగ్గర కట్టేసిన ఆట

తుమ్మితే న్యుమోనియా, మేకు గీరుకుంటే ధనుర్వాతం అని ఇంట్లోవాళ్లు ఆవిడను ఏడిపించేవారు. ఇస్త్రీ దుకాణంలో పదిహేనేళ్లుగా పొద్దస్తమానం నిలబడి పనిచేసే మనిషి. చేతులు బట్టల మడతల మీద, మనసు ఇంటి మీద ఉండేవి. కూతురు రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆవిడ ఊహ అంబులెన్సు కూడా ఎక్కేసేది. ఏడాది క్రితం కూతురి మెడ మీది పుట్టుమచ్చ నల్లబడిందని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన దూదితో తుడిస్తే ఆ నలుపు దూదికి అంటుకొచ్చింది. పెన్ను సిరా. అప్పటి నుంచి ఆవిడ భయాలకు ఇంట్లో విలువ లేకుండా పోయింది.

కూతురికి ఇరవై రెండేళ్లు. ఇంట్లో పిలుపు పిచ్చుక. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ల నంబర్లు కంప్యూటర్లోకి ఎక్కించే పని. సాయంత్రం వచ్చి, టీ తాగి, తన లాప్‌టాప్‌లో ఒక గంట లారీ నడిపే ఆట ఆడుకునేది. అదొక్కటే సరదా. తండ్రి లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. "నాన్న బండి నాన్నది, నా బండి నాది" అనేది పిల్ల.

నెల రోజులుగా ఆ ఆట ముందు కూర్చుంటే దానికి తల తిరుగుతోంది. రెండుసార్లు వాంతి కూడా అయింది. తల్లికి ఆ నెలంతా అన్నం సహించలేదు.

తండ్రి ఇంట్లో ఉన్న ఒక సాయంత్రం కూతురి వెనక నిలబడి చూశాడు.

"ఒసే పిచ్చుకా, ఎడమవైపు రెయిలింగంతా గీకేస్తున్నావే! నా బండికే ఇలా చేసుంటే ఓనరు నా తోలు వలిచి సీటుకి కవరు కుట్టించేవాడు."

"బొమ్మ ఆగి ఆగి వస్తోంది నాన్నా. నేను తిప్పేదొకప్పుడు, అది తిరిగేదొకప్పుడు. తల తిరక్క ఏం చేస్తుంది?"

"డాక్టరుకి చూపిద్దామండీ," అంది తల్లి వంటింట్లోంచి.

"చూపిద్దాం, లాప్‌టాప్‌ని. రిపేరు షాపులో," అన్నాడు ఆయన. తండ్రీకూతుళ్లు పడీపడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు కానీ, మర్నాడు లాప్‌టాప్ సంచీ భుజానికి తగిలించుకుని కూతురి వెంట షాపుకి వెళ్లింది.

ఆ షాపు నడిపేది నలభై దాటిన ఒక మెకానిక్కమ్మ. కళ్లజోడు ముక్కు చివర, స్క్రూడ్రైవరు జడముడిలో. ఇస్త్రీ దుకాణానికి బట్టలిచ్చే మనిషే కాబట్టి వదినా అని పిలిచే చనువుంది. ఆట తెరిపించి, తెర మూలన ఒక అంకె కనిపించేలా చేసింది. అది ఇరవై రెండు, పంతొమ్మిది, పధ్నాలుగు అంటూ గంతులేస్తోంది.

"చూడు వదినా, సెకనుకి ఎన్ని బొమ్మలు వేస్తుందో ఆ అంకె చెప్తుంది. బొమ్మలన్నీ గబగబా, ఒకే తీరున పడితే కంటికి నడకలా ఉంటుంది. ఇలా కుంటితే కొంతమందికి కడుపులో తిప్పుతుంది, బస్సులో కూర్చుని పుస్తకం చదివినట్టు."

తల్లికి గుండెల మీది బండ సగం దిగింది. "అయితే జబ్బు దీనిదేనా?"

"దీని తప్పూ లేదులే. ఆటల కోసమే పెట్టే వేరే గ్రాఫిక్స్ కార్డు ఇందులో లేదు. ప్రాసెసర్‌లోనే కలిసున్నది ఒకటుంది, దానికి సొంత మెమరీ ఉండదు. వేరు పొయ్యి లేని కాపురం లాంటిది, అత్తగారి వంటింట్లోనే వండుకోవాలి. ఆ వంటింట్లోనూ ఒకటే గట్టు. ఇదిగో, మెమరీ ముక్క ఒక్కటే ఉంది. పక్కన ఇంకోటి పెడితే రెండు దారులవుతాయి, ఊపిరి పీల్చుకుంటుంది."

రెండో ముక్క పెట్టింది. తర్వాత ఆట సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కొక్కటే కోసుకుంటూ పోయింది. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించింది. నీడలు తీసేసింది. లారీ అద్దాల నాణ్యత తగ్గించింది. "ఒక్కో అద్దంలో రోడ్డంతా మళ్లీ గీయాలి, దీనికి తలకి మించిన పని అది." అంకె నలభై ఎనిమిదికి పోయి, ఊళ్లోకి రాగానే ముప్పై ఆరుకి దిగి, మళ్లీ లేచింది.

"భలే!" అంది పిచ్చుక.

"భలే కాదు, ఊగుతోంది. ఊగే నలభై కంటే కదలని ముప్పై మేలు," అంటూ మెకానిక్కమ్మ దాన్ని ముప్పై దగ్గర కట్టేసింది. "నీ తెర సెకనుకి అరవైసార్లు మారుతుంది. ముప్పై అయితే ఒక్కో బొమ్మకి సరిగ్గా రెండు వంతులొస్తాయి. ఎప్పుడూ ఛార్జరు పెట్టే ఆడు, బ్యాటరీ మీదైతే నీరసపడుతుంది. కొత్తగా వచ్చే పెద్ద పెద్ద ఆటల జోలికి మాత్రం పోకు, అవి ఇందులో పదిహేను కూడా దాటవు. అది సరే గానీ, దీన్ని ఎక్కడ పెట్టి ఆడతావు?"

"దుప్పటి మీద అత్తా. ఒళ్లు కాలుతుందని అమ్మే నాలుగు మడతలేసి పరుస్తుంది."

మెకానిక్కమ్మ తల్లి వైపు తిరిగింది. "వదినా! కింద గాలి పీల్చే కంతలుంటాయి. నువ్వు దాని ముక్కు మూసి పరుగెత్తమన్నావు. పది నిమిషాల్లో వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది."

ఇంకెవరైనా అయితే సిగ్గుపడేవారు. ఆవిడకి మాత్రం పండగైంది. తప్పు తనది! దుప్పటిది! పిల్ల తలలో ఏమీ లేదు! "నేనే, నా చేతులారా నేనే చేశాను," అని దారి పొడవునా చెప్పుకుంటూనే నడిచింది. షాపు గడప దగ్గర మెకానిక్కమ్మ అన్న మాట, "వారంలో తగ్గకపోతే మాత్రం డాక్టరుకి చూపించు వదినా," అన్నది, ఆ సంబరంలో ఆవిడ చెవికి ఎక్కనే లేదు.

ఇస్త్రీ దుకాణంలోంచి ఒక చెక్క పలక తెచ్చింది. దాని మీద లాప్‌టాప్. పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, మూలనున్న అంకెను పాలపొంగు చూసినట్టు చూసేది. ముప్పై. ముప్పై. ముప్పై. మధ్యలో ఒక్క క్షణం ఇరవై తొమ్మిది అయితే ఆవిడ గుండె జారేది, మళ్లీ ముప్పై కాగానే కుదుటపడేది.

నాలుగో రోజున పిచ్చుకకి మళ్లీ వాంతి అయింది.

"అలవాటు కావాలిగా," అనుకుంది తల్లి. పైకీ అంది. జీవితంలో మొదటిసారి ఆవిడ ధైర్యం చెబుతోంటే అందరికీ వింతగా తోచింది. తండ్రి ఫోనులో, "ఎవరు మాట్లాడేది? మా ఇల్లేనా?" అని వేళాకోళమాడాడు. ఆఫీసులో పిచ్చుక పార్సిలు నంబర్లకు మొదటి రెండంకెలూ వదిలేసి ఎక్కిస్తోందని సూపర్‌వైజరు మందలించినా, నిద్ర చాలక అని ఆవిడే సర్దిచెప్పింది. భయపడి భయపడి అలిసిన మనసుకి ఒక్క అంకె దొరికింది. దాన్ని వదలబుద్ధి కాలేదు.

పదో రోజు సాయంత్రం. ఇంకా వెలుగుంది. ఆటలో తిన్నని రోడ్డు. ఎడమ పక్కన, సగం దారిలోకి వచ్చి, ఎర్ర లారీ ఒకటి ఆగి ఉంది. ముక్కాలిపీట మీంచి తల్లికి అది దూరం నుంచే కనిపించింది. పిల్ల ఇంకా పక్కకి తిప్పదేమిటి అనుకుంది. తిప్పలేదు. బండి తిన్నగా వెళ్లి ఎర్ర లారీని గుద్దుకుంది.

"ఎక్కణ్ణుంచి ఊడిపడిందే ఇది!" అంది పిచ్చుక చిరాగ్గా.

తల్లి మూలకి చూసింది. ముప్పై.

"కనిపించలేదామ్మా?"

"ఉంటే కదా కనిపించేది! సెట్టింగులన్నీ తగ్గించేశాంగా అమ్మా. బండ్లు గీయడం మానేసినట్టుంది."

నిజమే కావచ్చు. నీడలు తీసేయలేదూ? అద్దాలు మసకేయలేదూ? అలాగే బండ్లు కూడా పోతాయేమో. కానీ ఆ ఎర్ర లారీ తన కంటికి కనపడింది కదా! అదే తెర, అదే గది. ఆ మాట ఆవిడ మనసులోనే మింగేసింది. మింగాక అన్నం ముద్ద దిగలేదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టించి మళ్లీ షాపుకి తీసుకెళ్లింది. లోపలికి అడుగుపెడుతూనే అడిగేసింది.

"వదినా, నాణ్యత తగ్గిస్తే పక్కనున్న బండ్లు మాయమవుతాయా?"

"దూరంగా ఉన్న చెట్లు ఆలస్యంగా పుట్టుకొస్తాయి. గడ్డి తగ్గుతుంది. పక్కనున్న బండి మాయమైతే అది ఆటెందుకవుతుంది? ఏమైంది?"

జరిగింది ఆవిడే చెప్పింది, ఒక్కో మాటా ఏరుకుంటూ. విన్నాక మెకానిక్కమ్మ పిచ్చుకను బల్ల ముందు కూర్చోబెట్టింది. ఆటలో బండిని ఊరి చివర ఆపించింది. మధ్యలో రోడ్డు గీత, కుడి పక్కన పెట్రోలు బంకు, ఎడమ పక్కన ఆగి ఉన్న పెద్ద లారీ. ఇంజను ఆపేసి, సెట్టింగులన్నీ చివరికంటా పెంచేసింది. నీడలు, అద్దాలు, 1080. అంకె ముప్పై నుంచి తొమ్మిదికి పడిపోయింది. ఫ్యాను ఈల వేయడం మొదలెట్టింది.

"తొమ్మిదా! ఇలా ఎలా ఆడతాం అత్తా?" అని నవ్వింది పిచ్చుక.

"ఆడొద్దు. బండి నిలబడే ఉంది కాబట్టి అంకెతో పనిలేదు. దీనికి గీయడం వచ్చినవన్నీ ఇప్పుడు తెర మీదున్నాయి. నువ్వు రోడ్డు మధ్య గీతనే చూడు. కళ్లు కదపకు. ఏమేం ఉన్నాయో చెప్పు."

"గీత ఉంది. పెట్రోలు బంకు. దాని బోర్డు. ఇద్దరు మనుషులు. నీడలు బాగా పడ్డాయి."

"ఎడమవైపు?"

"ఏమీ లేదుగా."

మెకానిక్కమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు తల ఎడమకి తిప్పు తల్లీ."

పిచ్చుక తిప్పింది. దాని నవ్వు అక్కడే ఆగిపోయింది. తెరను చేత్తో తడిమింది, లారీ బొమ్మ ఉన్న చోట. మళ్లీ గీత వైపు చూసింది, మళ్లీ తిప్పింది. ఒక కన్ను మూసి చూసింది. రెండోది మూసి చూసింది.

"అత్తా, ఇది... ఇది ఇందాకా ఇక్కడే ఉందా?"

"ఇక్కడే ఉంది."

"సెట్టింగేమో, ఇంకోసారి..." అంటూ మౌసు కోసం చెయ్యి చాచింది.

మెకానిక్కమ్మ ఫోను తీసి, పెద్దాసుపత్రికి వెళ్లాలని ఆటోను షాపు దగ్గరికి పిలిచింది. తర్వాత తల్లి వైపు చూసింది, ఇప్పుడు ఏడుపూ మొత్తుకోళ్లూ మొదలవుతాయని. పెన్ను సిరాకే వీధంతా ఏకం చేసిన మనిషి. ఇన్నాళ్లూ ఆవిడ భయపడినవన్నీ గాలిలో ఉండేవి. వాటి గురించి అరవచ్చు, నవ్వించుకోవచ్చు, మర్నాటికి మర్చిపోవచ్చు. ఇది బల్ల మీద ఉంది. దీనికి అరుపు సరిపోదు.

పిచ్చుక బెదురుగా అటూ ఇటూ చూసింది. "అమ్మా? అమ్మా, ఎక్కడున్నావు?"

తల్లి పక్కనే కూర్చుని ఉంది, ఎడమ చేతివైపు, మూరెడు దూరంలో.

ఆవిడ లేచి, కుర్చీ ఎత్తుకుని, చప్పుడు కాకుండా కూతురికి కుడివైపు వేసుకుని కూర్చుంది.

"ఇదిగో, ఇక్కడే ఉన్నానమ్మా," అంది.