బొండాం నమూనా

సరుకు చూపించేటప్పుడు బస్తా పైనున్న నిగనిగలాడే గింజలనే దోసిట్లో పోస్తాం. దాణా కొట్టు పెట్టినప్పటి నుంచీ నా చేతికి అలవాటైన పని అది. మోసమని నేనెప్పుడూ అనుకోలేదు. కింద ఉన్నదీ అదే సరుకు, కొంచెం దుమ్ము ఎక్కువ, అంతే.

కొట్టుకు కాపలా ఉండే మా ఆడకుక్క పెరట్లో నాలుగు పిల్లల్ని పెట్టింది. చూడ్డానికొచ్చిన వాళ్ళు చూసినచోటే మాట ఇచ్చి వెళ్ళారు. నాలుగింటికీ ఇళ్ళు కుదిరాయి. ఇక మిగిలిన చిక్కల్లా మా కోడలితోనే. మా అబ్బాయి, కోడలు, మనవడు మేడమీద ఉంటారు. మనవడికి అడుగులు వేయడం ఇప్పుడిప్పుడే వస్తోంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. కుక్కపిల్లలు అరిచినప్పుడల్లా పైన కటకటాల్లోంచి చేతులు చాపి కిందికి దింపమని గోల పెట్టేవాడు.

"కుక్కపిల్లలకు పరీక్ష చేయించి రిపోర్టు నా చేతిలో పెట్టండి మామయ్యా. అప్పటిదాకా వీడు మెట్లు దిగడు" అంది కోడలు.

"పుట్టిన మూడో వారంలోనే కడుపులో పురుగులకు మందు పోయించానమ్మా."

"మందు పోయించడం వేరు, పురుగులు లేకపోవడం వేరు."

బేరంలో నన్ను మించిన మనిషి. సరేనని పశువుల డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ మూత ఉన్న చిన్న డబ్బా, చెక్కపుల్ల ఇచ్చి చెప్పింది: "నాలుగింటి పెంటా కొంచెం కొంచెం తీయండి. తాజాగా ఉండాలి. పలచగా వెళ్తున్న పిల్ల ఉంటే దానిది తప్పకుండా పెట్టండి."

విన్నాను. తల కూడా ఊపాను. మర్నాడు ఉదయం పెరట్లో పరిచిన కాగితాల మీద చూస్తే బొండాం అని మేం పిలిచే లావుపాటి పిల్లది ముద్దగా, ఎంత బాగుందో. పిట్ట అనే బక్కపిల్లది నీళ్ళలా కాగితంలోకి ఇంకిపోయింది. ఎత్తడానికి పుల్లకు చిక్కలేదు. అయినా దాన్ని డాక్టరు ముందు పెట్టడం నాకు నచ్చలేదు. బొండాందే డబ్బాలో వేసి మూత బిగించాను.

రిపోర్టులో ఏమీ కనబడలేదని వచ్చింది. "ఈ నమూనాలో" అన్న మాట కింద డాక్టరమ్మ గీత గీసింది. ఇంకో రెండుసార్లు తెమ్మని కూడా చెప్పింది. ఇంకో రెండుసార్లు ఎందుకని మనసులో అనుకుని ఇంటికొచ్చి కాగితం కోడలికి అందించాను. ఆమె రెండుసార్లు చదివి మనవణ్ణి కిందికి దింపింది.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో పండగే. వాడు బొండాం మీద పడేవాడు, పిట్ట వాడి మోచేయి నాకేది, మా ఆవిడ వంటింటి గడపలో కూచుని నవ్వేది. గోడవార మెత్తటి మట్టిలో వాడు గుప్పిళ్ళు పెట్టి ఆడుతుంటే నేను కొట్లోంచి చూస్తూ, వ్యవహారం చక్కగా కుదిరిందని సంతోషపడ్డాను.

ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ పెరట్లోంచి పిలిచింది. ఆ గొంతు వినగానే తక్కెడ వదిలేసి వెళ్ళాను.

పిట్ట వాంతి చేసుకుంది. నురగలో తెల్లగా, బెత్తెడు పొడవున, స్ప్రింగులా చుట్టుకున్న పురుగులు మూడు. ఒకటి ఇంకా కదులుతోంది.

"ఏమండీ, పిల్లాడు నిన్న ఇక్కడే కదా కూచున్నాడు" అంది మా ఆవిడ.

కోడలు వాణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. పురుగుల్ని చూసింది, నన్ను చూసింది. "రిపోర్టులో ఏమీ లేదన్నారుగా మామయ్యా" అంది. గొంతు పెంచలేదు. వాడి గోళ్ళు చూసుకుంటూ మేడెక్కిపోయింది.

పురుగుల్ని సీసాలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. మీ పరీక్ష తప్పని నిలదీద్దామనే వెళ్ళాను.

ఆవిడ సీసా వెలుతురులో పెట్టి చూసి అడిగింది. "షావుకారుగారూ, అప్పుడు డబ్బాలో ఎవరెవరిది పెట్టారు?"

"బొండాంది."

"మిగతా మూడూ?"

తల అడ్డంగా ఊపాను.

"పలచగా వెళ్తున్నది ఏది?"

"పిట్ట. దానిది... ఎత్తడానికి బాగాలేదు."

"బాగాలేనిదే కదండీ నాకు కావాల్సింది" అని ఆవిడ కుర్చీ లాక్కుని కూచుంది. "మీరు సరుకు చూపించారు. నేను జబ్బు అడిగాను."

తిట్టినా బాగుండేది. తిట్టకుండా ఓపిగ్గా చెప్పింది. పెంటను బరువైన ఉప్పు ద్రావణంలో కలిపితే గుడ్లు తేలి పైకొస్తాయి. పైన పెట్టిన గాజుబిళ్ళకు అంటుకుంటాయి. దాన్ని మైక్రోస్కోపులో చూస్తారు. గుడ్లు పెట్టే వయసుకు రాని పురుగులు కడుపు నిండా ఉన్నా అందులో తేలడానికి ఏమీ ఉండదు. ఈ ఏలికపాములు తల్లి ఒంట్లో నిద్రపోతూ ఉండి కడుపులో ఉన్నప్పుడే పిల్లలకు చేరతాయట. ఒక్కసారి మందు పోస్తే ఆ రోజు పేగుల్లో ఉన్నవే పోతాయి. ఒంట్లో తిరుగుతున్న పిల్ల పురుగులు తర్వాత దిగివస్తాయి. అందుకే పరీక్షలో ఉన్నా లేకపోయినా రెండేసి వారాలకోసారి మళ్ళీ మళ్ళీ మందు పోయాలి, తల్లికీ పోయాలి.

"మరి ఈ నీళ్ళ విరేచనం కూడా పురుగులదేనా?"

"కావచ్చు. జియార్డియా కూడా ఉండొచ్చు. అది పురుగు కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవి. ఒకరోజు బయటికొస్తుంది, రెండు రోజులు రాదు. ఉప్పు ద్రావణంలో వేస్తే ముడుచుకుపోయి పోల్చలేనట్టవుతుంది. దానికి వేరే ద్రావణం, యంత్రంలో తిప్పడం, కావాలంటే ఇంకో రకం పరీక్ష. రోజు విడిచి రోజు మూడుసార్లు తెస్తే దొరికే అవకాశం ఎక్కువ. మూడుసార్లూ ఏమీ లేకపోయినా ప్రమాణం చేసి చెప్పలేను."

నాకు అడగాల్సింది ఒకటే ఉంది. అది చివర్న అడిగాను. "మనవడు ఆ మట్టి నోట్లో పెట్టుకున్నాడమ్మా."

ఆవిడ కలం పక్కన పెట్టింది. కుక్కల్లో ఉండే జియార్డియా మనుషులకు అంటడం అరుదే గాని చిన్నపిల్లల విషయంలో లెక్కలోకి తీసుకోవాలంది. ఏలికపాము సంగతి వేరు. గుడ్డు పడిన రోజే ప్రమాదం ఉండదు. మట్టిలో కొన్ని వారాలు ముదరాలి. ముదిరిన గుడ్డు బిడ్డ కడుపులోకి పోతే పురుగుపిల్ల ఒంట్లో తిరుగుతుంది. చాలామందికి ఏమీ కాదు. కొందరికి జ్వరం, దగ్గు, కాలేయం వాపు. అరుదుగా కంట్లోకి చేరుతుంది.

"పిల్లల డాక్టరుకు చూపించండి. మట్టి తిన్నాడని దాచకుండా చెప్పండి. బాబు పెంటలో కుక్క ఏలికపాము గుడ్లు కనబడవు, అది మనుషుల్లో పెద్ద పురుగవదు. రక్తం చూస్తారు."

ఇంటికొస్తూ లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. కుక్కపిల్లల నుంచి గుడ్లు పడటం ఎప్పుడు మొదలై ఉంటుంది, ముదరడానికి ఎన్ని వారాలు, మనవడు కిందికి దిగింది ఎప్పుడు. పిల్లలవి మాత్రమే అయితే ఇంకా ముదరలేదేమో అనిపించేది. తల్లికుక్క అంతకుముందు నుంచే ఆ గోడవార తిరుగుతోందని గుర్తొచ్చి లెక్క చెదిరిపోయేది. ఎటునుంచి కూడినా తేలలేదు. కొట్లో కూచుంటే కాళ్ళు ఆగవు. ఎరుపు రంగు బంతి కొనుక్కొచ్చి మేడమీద మనవడి ముందు దొర్లించాను. వాడి కళ్ళు బంతి వెంట వెళ్తున్నాయా లేదా అని చూశాను. కుడికి వెళ్ళాయి. ఎడమకు దొర్లించాను. ఎడమకూ వెళ్ళాయి. మళ్ళీ దొర్లించాను.

"చాల్లెండి మామయ్యా, వాడికి తల తిరుగుతుంది" అంది కోడలు. వాణ్ణి మాత్రం నా ఒళ్ళోకి ఇవ్వలేదు.

అప్పుడు చెప్పాను, డబ్బాలో ఎవరిది పెట్టానో. విని బంతి తీసి నా చేతికిచ్చింది.

"కొట్లో అయితే వాపసు తీసుకుంటారు" అంది. "నేను దేన్ని వాపసు చేయాలి?"

చెప్పులేసుకుని కిందికొచ్చి పెరటి తలుపుకు తాళం వేశాను.

ఆ వారమంతా నేనే చేశాను. నాలుగు పిల్లల్నీ విడివిడిగా కట్టి, నాలుగు డబ్బాలు పెట్టి, ఒక్కోదాని మీద పేరు రాసి. పిట్టది కాగితం మీద ఇంకిపోకుండా ప్లాస్టిక్ పట్టా వేసి చెంచాతో ఎత్తాను. కంపుకు కళ్ళెంట నీళ్ళు కారాయి. తీసిన వెంటనే డాక్టరమ్మ బల్లమీద పెట్టేవాణ్ణి. మొదటిసారి పిట్టలోనూ ఇంకో దానిలోనూ ఏలికపాము గుడ్లు. జియార్డియా లేదు. రెండోసారీ లేదు. నాలో పాత వ్యాపారి అప్పుడే చంకలు గుద్దుకోబోయాడు. మూడోసారి పిట్ట డబ్బాలో అది దొరికింది. బొండాం డబ్బాలోనూ దొరికింది. ముద్దగా, నిగనిగలాడుతూ ఉన్న బొండాంలో.

పిల్లలన్నిటికీ, తల్లికీ మందు మొదలైంది. కుదిరిన ఇళ్ళకు ఫోన్లు చేసి ఇప్పుడే ఇవ్వడం లేదని చెప్పాను.

"బాగానే ఉన్నాయన్నారుగా అప్పుడు" అన్నాడు ఒకాయన. వాళ్ళింట్లోనూ పాకే పాప ఉంది.

"బాగున్నదాన్నే చూపించానండి. ఇప్పుడు అన్నీ చూపిస్తున్నాను. మీకు వద్దనిపిస్తే చెప్పండి."

ఆయన ఆలోచించుకుని చెప్తానన్నాడు.

మూడో రిపోర్టు తీసుకుని మేడెక్కాను. "ఏలికపామూ, జియార్డియా, రెండూ ఉన్నాయమ్మా" అని అందించాను. కోడలు చదివింది. పాత కాగితం ఇంకా గూట్లోనే ఉంది, దాన్ని తీసి నలిపి చెత్తలో వేసింది. కొత్తది మడిచి గూట్లో పెట్టింది.

"పార ఎక్కడుంది?" అంది.

మనవణ్ణి మా ఆవిడ దగ్గర పైనే ఉంచి కిందికి దిగింది. ఇద్దరం చేతులకు తొడుగులు వేసుకుని గోడవార మట్టిని లోతుగా గీకి సంచుల్లో కట్టాం. ఆ గుడ్లు ఫినాయిలుకు చావవని డాక్టరమ్మ చెప్పింది. గచ్చు మీద మరుగునీళ్ళు పోసి ఎండకు వదిలేశాం. జియార్డియాకు ఆరడమంటే గిట్టదట. పని మధ్యలో కోడలు ఒక్కమాటే అంది: "ఆ మూల వదిలేశారు." వెళ్ళి గీకాను.

పిల్లల డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన మనవడి కళ్ళలోకి లైటు వేసి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, రక్తపరీక్ష కాగితం చదివాడు. "ప్రస్తుతానికి అంతా బాగుంది" అన్నాడు.

కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. నాకూ లేచి వెళ్ళిపోవాలనే ఉంది. చేయి చాపి ఆ కాగితం తీసుకుంటే సరిపోయేది.

"ఇంత తొందరగా చేస్తే కనబడకపోవచ్చు కదండీ" అన్నాను. "మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశాడు. "కొన్ని వారాలాగి తెండి. ఈలోగా జ్వరం, దగ్గు, చూపులో తేడా ఏమున్నా ఆగకండి."

బయటికొచ్చాక కోడలు మనవణ్ణి నా చేతుల్లో పెట్టి చెప్పులు వేసుకుంది. వాడు నా జేబులో చెయ్యి పెట్టి ఎర్రబంతి లాగి రోడ్డు మీదికి విసిరాడు. అది దొర్లుతూ దొర్లుతూ కాలువ అంచున ఆగింది. అది ఆగేదాకా నేను బంతిని చూడలేదు, వాడి కళ్ళనే చూస్తున్నాను.