అరబ్బీలో కడుపు చల్లగా

మా గంగాధరప్పకు మాటలు కూడా పట్టుపోగులే. చీరలు నేయించే మనిషి గదా, ఏది చేతికిచ్చినా లెక్కపెట్టకుండా వదలడు. అలాంటివాడికి నేను రాసిన అరబ్బీ పోస్టరు చూపించాను. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

నా పేరు అబ్దుల్ గఫూర్. కువైట్‌లో కొన్నేళ్లు దుకాణాలకు బోర్డులు రాసి, ఎండకు మాడి, ధర్మవరం తిరిగొచ్చి ఇక్కడా బోర్డులే రాస్తున్నాను. ఎండలో మాత్రం తేడా ఏమీ లేదు.

ఆ వేసవిలో బెంగళూరుకు వచ్చిన ఒక కువైట్ వ్యాపారి భార్యతో సహా మా ఊరొచ్చి పట్టు చూస్తాడని బ్రోకరు కబురు పెట్టాడు. చీరలు కాదు, వాళ్ల ఆడవాళ్లు గౌన్లు కుట్టించుకునే సాదా పట్టు. దాన్ని నేసేది గంగాధరప్ప వదిన లక్ష్మీనరసమ్మ. వానల్లేక ఆమె వేసిన వేరుశనగ పంట చేలోనే మాడిపోయింది. ఈ బేరం కుదరకపోతే మగ్గం అమ్మేసి బెంగళూరుకు కూలికి పోవాలి.

తన అంగట్లో కట్టడానికి గంగాధరప్ప అరబ్బీలో ఒక పోస్టరు రాయమన్నాడు. ‘మా పట్టు కట్టండి, మీ కడుపు చల్లగా!’ అందులో కడుపు చల్లగా అనేది అసలు లక్ష్మీనరసమ్మ మాట. నేసిన బట్ట చేతికిచ్చేటప్పుడు ప్రతి ఆడమనిషికీ ఆ దీవెన చెప్పేది.

నేను పెద్ద అక్షరాలతో ‘మల్బూస్ అల్ఆఫియా’ అని రాసిచ్చాను. కుడి నుంచి చదవాల్సిన అరబ్బీని గంగాధరప్ప ఎడమ నుంచి వేలు పెట్టి చదివాడు, అదేదో తెలిసినట్టు.

“ఏమప్పా గఫూరూ, నేనిచ్చింది ఆరు మాటలు. ఈడ రెండే ఉండాయి. తక్కినవి మీ ఇంట్లో దాచిపెట్టినావా?”

“అన్నా, ఇది నేత కాదు, పోగుకు పోగు రావడానికి.”

“కడుపు యాడ?”

“లేదు.”

“చల్లగా యాడ?”

“అదీ లేదు.”

“మరింకేముండాదప్పా, నీ తలకాయ!”

వాడి అరుపులకు నేను బెదరను. కానీ అక్కడే ఉన్న లక్ష్మీనరసమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. “మా అమ్మ నాకిచ్చి పోయింది ఆ మాటొక్కటే. దాన్ని తీసేసి నీ ఇష్టమొచ్చింది రాసినావా గఫూరూ?” అంది. నాకు కోపమొచ్చింది.

“సరే, మీరన్నట్టే రాస్తా” అని ఇంకో కాగితం పరిచి, పట్టూ కడుపూ చల్లదనం ఒక్కటీ పోనీయకుండా, మాటకు మాట దించాను. రెండూ పక్కపక్కన గోడకు తగిలించి రసూల్ సాబ్‌ను పిలిపించాను. కువైట్‌లో టాక్సీ నడిపేవాడు, సెలవుకొచ్చి ఉన్నాడు. తెలుగులో అసలు ఏముందో చెప్పకుండా, ఇవేమంటున్నాయో చెప్పమన్నాను.

రసూల్ సాబ్ మాటకు మాట దించినదాన్ని చదివి ముక్కు చిట్లించాడు. “ఈ బట్ట తొడుక్కోండి, మీ పొట్ట చల్లబడాల… ఎవరికప్పా పొట్టలో చలి? ఇది ఆస్పత్రి బోర్డా?”

నేను ముందు రాసినదాన్ని చదివేసరికి నవ్వాడు. “ఇది కొత్త బట్ట కట్టినోళ్లకు చెప్పే మాట. ఆరోగ్యంగా తొడుక్కో, సుఖంగుండు అని. పండక్కి నాకు కొత్త చొక్కా ఇచ్చి మా సేఠు తల్లి ఇదే అనింది.”

“తల్లి అనిందా?” అంది లక్ష్మీనరసమ్మ.

“నేను తీసేసింది కడుపును అక్కా, దీవెనను కాదు. మనం కడుపు చల్లగా అనే చోట వాళ్లు ఆరోగ్యం అంటారు” అన్నాను.

గంగాధరప్ప ఊరుకుంటే గదా. “రెండూ కట్టేద్దాం. ఏది పని చేస్తే అది.”

“చలి పుట్టించే పోస్టరు పక్కనుంటే ఎవరన్నా కొంటారా అన్నా?”

లక్ష్మీనరసమ్మ లేచి కడుపున్న పోస్టరును తన చేత్తోనే పీకేసింది. “మాట నాది, మగ్గం నాది. గఫూరు రాసిందే ఉండనీ” అంది. నా రాత తప్పయితే పోయేది ఆమె మగ్గం మరి!

కువైట్ దంపతులు వచ్చారు. ఆయన బ్రోకరుతో బేరం మొదలుపెట్టాడు. ఆమె పోస్టరు ముందు ఆగి, పైకి చదువుకుని, ఇంటివాళ్లు పిలిచినట్టు నవ్వుకుంటూ నేరుగా పట్టు దగ్గరికొచ్చింది. లక్ష్మీనరసమ్మ అలవాటుకొద్దీ రెండు చేతులతో పట్టుబట్ట అందించి, “నీ కడుపు చల్లగా తల్లీ” అనేసింది, తెలుగులోనే. వ్యాపారి భార్య పోస్టరు వైపు చూసి, లక్ష్మీనరసమ్మ వైపు చూసి, “అల్లా యాఫీచ్” అంది, దేవుడు నీకూ ఆరోగ్యమివ్వాలని. తర్వాత భర్త బేరాన్ని మధ్యలోనే ఆపేసి, రంజాన్ దాకా ఆ మగ్గం మీద నేసిందంతా తనకే కావాలని బ్రోకరుకు చెప్పింది.

“ఏమనింది గఫూరూ ఆయమ్మ నన్ను చూసి?”

“నీ కడుపు చల్లగా అనింది అక్కా.”

లక్ష్మీనరసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. గంగాధరప్ప మాత్రం వేళ్లు ముడుస్తూ నా చెవి దగ్గరికొచ్చాడు. “ఆయమ్మ అనింది రెండే మాటలు గదప్పా. నువ్వు మూడు చెప్తాండావే?”

నేను నోరు తెరిచేలోపు లక్ష్మీనరసమ్మే అందుకుంది.

“నీ లెక్క పోగుల మీద పెట్టుకో గంగాధరా. ఆయమ్మ అనింది నాకు పూరా ముట్టినాది.”