వారిస్ అంటే ఔలాద్ కాదు

కిషన్‌బాగ్‌లో ఆగయ్య బర్రెల కొట్టం ఉన్న జాగా యాకుత్‌పురా దేవిడీలో, అంటే పెద్ద బంగళాలో, ఉండే దొరది. పెద్దదొర బతికుండగా ఇరవై ఏళ్ల గడువుతో కిరాయినామా రాసి రిజిస్ట్రీ చేయించి ఇచ్చాడు. ఆ గడువు ఇంకా సగం కూడా కాలేదు. ఆయన పోయాక కొడుకు గద్దెనెక్కి, కిరాయినామాలన్నీ తన పేరున తిరగ రాయించమన్నాడు. ఆ పని దేవిడీ లెక్కలు, కాగితాలు చూసే ముంషీ రాజన్న మీద పడింది.

రాజన్న నేరుగా అంజన్ దగ్గరికి వచ్చాడు. రిజిస్ట్రీ కచేరీ పక్క అరుగు మీద కూర్చుని ఉర్దూలో దస్తావేజులు రాయడం అంజన్ వృత్తి. దేవిడీ రాతపనితోనే అతని ఇల్లు గడుస్తోంది.

ఆగయ్య, అతని భార్య మాణిక్యమ్మ అప్పటికే వచ్చి అరుగు కింద నిలబడ్డారు. ఆగయ్యకు దగ్గు. మాణిక్యమ్మ అతని జబ్బ పట్టుకుని ఉంది. వాళ్లకు పిల్లల్లేరు.

"కొత్తదనమేం లేదు అంజన్ భాయ్," అన్నాడు రాజన్న. "దొరకు పాత మాటలు నచ్చలే. అర్థం ఒకటే, మాటలు మారుతయి. జమీన్ తీసి అరాజీ పెట్టు."

అంజన్ రాశాడు. నేలను ఎలా పిలిచినా నేలే, కొలతలూ హద్దులూ కింద ఉండనే ఉన్నాయి.

"కిరాయిదార్ అన్నచోట ముస్తాజిర్ రాయి."

అదీ రాశాడు. కిరాయికి తీసుకున్నవాణ్ణి చదువుకున్నవాళ్లు పిలిచే పేరది, హక్కు తరగదు.

"కిరాయికి ఇచ్చినం అని ఉంది చూడు, ఆడ ఉండేటందుకు ఇజాజత్ ఇచ్చినం అని పెట్టు. ఆగయ్య, అతని వారిసులు అన్నకాడ ఆగయ్య, అతని ఔలాద్ అని మార్చు."

అంజన్ కలం ఆగింది. తలెత్తి మాణిక్యమ్మను చూశాడు. ఆమె భర్త ముఖం తుడుస్తోంది. ఆ రెండు మాటలూ ఎవరిని తప్పించడానికి మారుతున్నాయో అతనికి అర్థమైంది.

"ఈ రెండూ రాయ," అన్నాడు.

"ఏంది? ఇంతసేపు రాస్తివి గదా!"

"అవి పేర్లు, మార్చిన. ఇవి హక్కులు." అంజన్ అరుగు దిగి ఆ ఇద్దరి ముందు నిలబడి తెలుగులో చెప్పాడు. "మాణిక్యమ్మక్కా, జర ఇను. కిరాయికి ఇచ్చినమంటే గడువు దాకా జాగా మీ చేతిల ఉంటది. షరతు తప్పకుంటే దొర గూడ కదపలేడు. ఇజాజత్ అంటే ఉండనిచ్చిన్రు, అంతే. ఇయ్యాల ఇస్తరు, రేపు లెమ్మంటరు. మనిషి పోతే అదీ పోతది."

"రెండోది?" అంది మాణిక్యమ్మ.

"ఔలాద్ అంటే కడుపున పుట్టినోళ్లు. ఆగయ్యన్న అన్నదమ్ములతోని ఎన్నడో వేరువడ్డడు, కొడుకుల్లేరు. గట్లయితే వారిసు నువ్వే. ఔలాద్ అని రాస్తే ఆ కాగితంల నువ్వు ఉండవు."

రాజన్న ముఖం నల్లబడింది. "దేవిడీ ఉప్పు తింటున్నవు. యాదిలున్నదా?"

"రాసినందుకు ఇచ్చిన్రు. మోసం జేసెటందుకు కాదు. వేరేటోన్ని చూసుకో."

"ఇంకోసారి దేవిడీ గడప తొక్కకు!"

"నువ్వే వస్తివి నా అరుగు కాడికి," అన్నాడు అంజన్.

అప్పుడు ఆగయ్య దగ్గు ఆపుకుని, సగం రాసిన కాగితం మీదే ముద్ర వేయించాలని రాజన్న ఇంకు ప్యాడ్ వైపు లాగబోయిన బొటనవేలును పిడికిట్లో ముడుచుకున్నాడు. "నేను వేలు పెట్ట. నా పాత కాగితం నాకున్నది." రాజన్న ఎంత అరిచినా ఆ పిడికిలి తెరుచుకోలేదు.

ఆ వానాకాలమే ఆగయ్య పోయాడు. కర్మ అయిన మర్నాడే రాజన్న మనుషులు బర్రెలను విప్పబోయారు. మాణిక్యమ్మ కొట్టం ద్వారానికి అడ్డంగా కూర్చుంది. "నన్ను దాటి తోలుకపోన్రి చూస్త!" ఇరుగుపొరుగు గుమిగూడారు. మనుషులు వెనక్కి తగ్గారు. దొర దావా వేశాడు.

దావాలో దొర వకీలు, ఉండనిచ్చింది ఆగయ్య ఒక్కణ్ణే అని వాదించాడు. మున్సిఫ్ రిజిస్ట్రీ అయిన కిరాయినామా చదివించాడు. అందులో కిరాయి అనీ, గడువనీ, వారిసులనీ స్పష్టంగా ఉంది. భార్య వారిసే కాబట్టి, షరతులు పాటిస్తున్నంతకాలం గడువు తీరేదాకా జాగా ఆమె చేతిలోనే ఉండాలని తీర్పు చెప్పాడు.

అంజన్‌కు దేవిడీ పని మళ్లీ రాలేదు. ఇంట్లో కొన్నాళ్లు ఇబ్బందిగానే గడిచింది. కానీ దేవిడీ కిరాయిదార్లు ఒక్కొక్కరే కొత్త కాగితాలు పట్టుకుని అరుగు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "అన్నా, వేలు పెట్టకముందు జర సదివి చెప్పు," అనేవాళ్లు. రాజన్న ఆ దారిన పోతుంటే అంజన్ గొంతు పెంచి మరీ చదివేవాడు.