గోరింటాకు మీద నీలి

ఆదివారం పొద్దున జయపాల్ తలమీద నీళ్లు పోసి, తువ్వాలతో తుడిచి చూసింది ఆయన భార్య రూతు. నల్లగా రావాల్సిన జుట్టు నారింజ పండు రంగులో నిగనిగలాడుతోంది. మీసం ఇంకా ఘోరం. తెల్లారితే సోమవారం, బడి తెరుస్తారు.

జయపాల్‌ది నెల్లికుదురులో ఒక ప్రైవేటు బడి వ్యాను డ్రైవరు నౌకరీ. రూతు అదే వ్యానులో ఆయమ్మ. ఆయనకు నలభై ఆరేళ్లు, కానీ జుట్టు తొందరపడి ముప్పై అయిదుకే తెల్లబడింది. వేసవి సెలవుల్లో కరస్పాండెంటు పిలిపించి, ముసలాయన బండి నడుపుతున్నాడని తల్లిదండ్రులు భయపడుతున్నారనీ, కొత్త అడ్మిషన్లు వచ్చే రోజున నల్ల జుట్టుతో వస్తే సరి, లేకపోతే తాళాలు కుర్ర డ్రైవరుకు ఇస్తాననీ చెప్పాడు. కళ్లు బాగున్నాయా, బ్రేకులు బాగున్నాయా అని మాత్రం అడగలేదు మహానుభావుడు.

అంగట్లో దొరికే డబ్బా రంగు వేసుకుందామంటే అదో కథ. నిరుడు బావమరిది పెళ్లికి వేసుకుంటే జయపాల్ మొహం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. దవాఖానలో సూదులు పొడిచి, ఆ రంగు మళ్లీ ముట్టొద్దన్నారు. అందుకని రూతు తన పిన్ని కూతురు భాగ్యను అడిగింది. భాగ్యకు జనగామలో చిన్న బ్యూటీ పార్లరు ఉంది. ఏ రసాయనమూ కలపని గోరింటాకు పొడి, నీలి ఆకు పొడి తెచ్చుకోమనీ, ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకరోజు ఆగి చూడమనీ చెప్పింది. గోరింటాకు ఒక పాలు, నీలి ఒక పాలయితే మామూలు గోధుమ రంగనీ, ఒకటికి రెండయితే ముదురుదనీ అన్నది. ఇంకా ఏదో చెప్పబోయేసరికి పార్లరుకు గిరాకీ వచ్చింది. రూతుకు వినబడినంత చాలనిపించింది. గోరింటాకు కలపడం ఆమెకు కొత్తా ఏమిటి?

అక్కడే కొంప మునిగింది. రాసి చూసిన మోచేతికి ఏమీ కాలేదు గానీ, వాళ్లమ్మ ఎట్లా కలిపేదో అట్లాగే కలిపింది రూతు. ఇనుప మూకుట్లో చిక్కటి టీ డికాక్షన్ పోసి, నిమ్మకాయ పిండి, గోరింటాకు ఒక పాలు, నీలి రెండు పాళ్లు అన్నీ ఒకేసారి గుమ్మరించి, పళ్లెం మూసి రాత్రంతా నానబెట్టింది. పొద్దున ప్రార్థన చేసుకుని మరీ పట్టించింది. మూడు గంటలు ఉంచింది. వచ్చిందేమో ఇది.

జయపాల్ అద్దం ముందు కూలబడ్డాడు. తలకు తువ్వాల చుట్టుకుని, చర్చికి నువ్వొక్కదానివే పో అన్నాడు. ఆమె ఎక్కడికి పోతుంది? భాగ్యకు ఫోన్ చేసింది.

భాగ్య మొత్తం విని, కలపడంలోనే తప్పు జరిగిందన్నది. నీలి ఆకు రాత్రంతా నానితే సత్తువ పోతుందట. పైగా పులుపు దానికి పడదట. డికాక్షనూ నిమ్మకాయా గోరింటాకుకే గానీ దీనికి కాదట. అందుకే గోరింటాకు ఒక్కటే పట్టింది, నీలి పట్టలేదు. రెండూ కలిపి వేసేటప్పుడు గోరింటాకును విడిగా నానబెట్టి, నీలిని పెట్టుకోబోయే ముందు తడిపి, అప్పుడు కలపాలట.

"ఇగ ఖతమేనా?" అన్నది రూతు.

"ఖతం గాదక్కా. నల్లగ గావాల్నంటే ముందు గోరింటాకే పట్టాలె, దాని మీద నీలి. గా ఎరుపు లేకుండ తెల్లెంటికల మీద ఉత్త నీలి పెడితే పచ్చగ, నీలంగ అయితది. నీకు సగం పని అయిపోయింది. నీలి పొడి మిగిలిందా?"

ఒక ప్యాకెట్ మిగిలింది. అది రూతు తన తలకోసం దాచుకున్నది. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టాక పాపిట పొడుగునా తెల్లబడింది, బడి తెరిచే రోజున తానూ కాస్త బాగుండాలని ఆశ. నెల్లికుదురులో ఇంకో ప్యాకెట్ దొరకదు, ఆదివారం మహబూబాబాద్‌లోనూ అంగళ్లు మూసి ఉంటాయి. సగం సగం వేస్తే ఇద్దరికీ చాలదు. ఒక్క క్షణం ఆ ప్యాకెట్ వంక చూసి, దాని మూల కత్తిరించింది.

భాగ్య ఫోన్లో చెబుతుంటే ఒక్కో పనీ చేసింది. ఈసారి ఇనుము వద్దని పింగాణీ గిన్నె తీసుకుంది. పొడిలో చిటికెడు ఉప్పు, గోరువెచ్చని నీళ్లు. నిమ్మకాయను ఎదుట లేకుండా అవతల పారేసింది. మూత పెట్టి పావుగంట ఆగేసరికి పైన నీలం తేలి, నానిన గడ్డి వాసన వేసింది. ఆలస్యం చేయకుండా తడి తలకు పాయపాయకీ, మీసానికి కూడా పట్టించి ప్లాస్టిక్ కవరు కట్టింది. రెండు గంటలు. ఆ రెండు గంటలూ జయపాల్ కదలకుండా కూర్చుంటే, ఆమె లోపలికీ బయటికీ తిరిగింది, వండిన అన్నం ఎవరూ ముట్టలేదు.

షాంపూ లేకుండా ఉత్త నీళ్లతో కడిగారు. జుట్టు నలుపూ కాదు, గోధుమా కాదు, చెరువులో నాచులా పచ్చగా ఉంది.

"పచ్చగైందేందే," అన్నాడు జయపాల్ నెమ్మదిగా.

గాలి తగిలి రేపటికి నల్లబడుతుందని, రెండు రోజులు షాంపూ ముట్టొద్దని భాగ్య చెప్పిన మాటే రూతు అప్పచెప్పింది. తనకే నమ్మకం లేదు. మొగుడి నౌకరీని, తన నౌకరీని గిన్నెలో కలిపి పారబోశానని కుమిలిపోయింది. పడుకునేలోపు దీపం దగ్గరికి పిలిచి పదిసార్లు చూసింది. పచ్చదనం తగ్గినట్టూ ఉంది, తగ్గనట్టూ ఉంది.

తెల్లవారి ఎండలో చూస్తే తల నల్లగా ఉంది. మెడ దగ్గర మాత్రం పాత చింతపండులాంటి ముదురు గోధుమ. జయపాల్ పదేళ్లు వెనక్కి పోయినట్టున్నాడు. కరస్పాండెంటు ఎగాదిగా చూసి, నవ్వి తాళాలు చేతిలో పెట్టాడు. అయినా రూతుకు నిమ్మళం లేదు. తల్లిదండ్రులు చూడాలిగా.

కొత్త కాలనీ మలుపులో మొదటి కొత్త అడ్మిషన్. చిన్న పాపను ఎత్తుకుని ఒకామె నిలబడింది. కిటికీలోంచి డ్రైవరును తేరిపార చూసి, మంచిదే, ఇంకా వయసులోనే ఉన్నాడు అన్నట్టు తలూపింది. తర్వాత తలుపు దగ్గర చేతులు చాచిన రూతు తెల్ల పాపిట చూసి నవ్వుతూ అడిగింది.

"డ్రైవరు మీ కొడుకా, ఆయమ్మా?"

రూతుకు మొహం మాడిపోయింది. కానీ ఆమె లెక్క వేరు. కాదు మొగుడంటే, ఈయన వయసెంతో అని లెక్కలు మొదలవుతాయి, కబురు కరస్పాండెంటు దాకా పోతుంది. రెండు రోజుల గండం ఒక్క అబద్ధంతో గట్టెక్కుతుందంటే అంతకన్నా ఏం కావాలి?

"అవునమ్మా," అన్నది.

ఇంజన్ ఆగింది. జయపాల్ దిగి చుట్టూ తిరిగి వచ్చాడు.

"కాదు మేడం. గామె నా పెండ్లాం. నాకంటె నాలుగేండ్లు చిన్నది. తనకని పెట్టుకున్న రంగు నిన్న నా తలకే పూసింది. నాకు నలభై ఆరు. చూపు మంచిగున్నది, బండి ఎన్నడూ ఎవలికీ తగిలియ్యలే."

రూతుకు ఆయన నోరు మూయాలనిపించింది. అంత కష్టపడి నల్లబరిచిన తలను ఈ మనిషి నడిరోడ్డు మీద తనే కడిగేసుకున్నాడు. కోపంతో ఒళ్లు మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ రెండింటి కిందా ఎన్నేళ్లుగానో ఎరగని సంతోషం పొంగింది. పాప తల్లి ఆయన జుట్టు వంక, ఆమె పాపిట వంక మార్చి మార్చి చూసింది. రూతు చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి.

అప్పుడామె పాప బ్యాగు సర్ది, పాపను ఆ చేతుల్లో పెట్టింది.