రిజిస్టరు ఉత్తరం

ఆ ఏడాది పంచదార ఫేక్టరీ ఫీల్డుమేను సెరుకు రాసుకోడానికొచ్చి, సర్వే నంబరు నూట పద్నాలుగు బై రెండు నీ పేర్న లేదు, అడంగల్లో, అదే బూవి సాగు లెక్కల్లో, చంద్రమౌళి పేరుంది అన్నాడు. మా ఊరి రేషన్ డీలరతను. ఎకరం పది సెంట్లు. మా అయ్య దున్నిన బూవి.

అనకాపల్లిలో డిగ్రీ సదివే మా మనవరాలు సిరి, సమాచార హక్కు కింద అడుగుదాం తాతా అన్నాది. ఎందుకు మార్సేరు అని రాయమన్నాను. అలా అడిగితే జవాబివ్వక్కర్లేదంట. మూడే రాసింది. రెండువేల నాలుగులో అడంగల్లో ఎవరి పేరుంది, కాపీ. రెండువేల ఏడులో ఎవరిది, కాపీ. పేరు మార్సిన ఆర్డరు నంబరు, తేదీ, సంతకం ఎవరిది.

తెల్ల రేషన్ కార్డు జెరాక్సు పెడితే ఫీజు లేదంట. మా ఊళ్లో కార్డులన్నీ చంద్రమౌళి కాడే ఉంటాయి. అడగడానికి బయమేసింది. మండలాఫీసులో అయిదు రూపాయలు కట్టేసి రసీదు తీసుకున్నాను.

ఇరవై నాలుగో రోజున ఎల్లి అడిగితే, జవాబు నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపేసేం అన్నాడు గుమస్తా. అడ్రసు సదివేడు. కేరాఫ్ రేషన్ షాపు.

ఆ అడ్రసు నేనే సెప్పేను సిరికి. మా పేటోళ్ల ఉత్తరాలన్నీ అక్కడికే వత్తాయి, అందరికీ చంద్రమౌళే సంతకం ఎట్టేత్తాడు. అలవాటుకి నోట్లోంచి వచ్చేసింది.

ఆ రేత్రి మా ఇంటిది దీవెనమ్మ ప్రార్దన సేత్తానే ఉంది.

మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసుకెల్లేను. పోస్టుమేను అప్పారావు అప్పుడే బయలెల్లిపోయేడంట. షాపు కాడికి పరుగెట్టేను. బల్ల మీద పొడుగాటి కవరు, పక్కన అప్పారావు. చంద్రమౌళి సేతిలో పెన్ను.

"అది నాది. ఏలిముద్ర నేనే ఏత్తాను," అన్నాను.

చంద్రమౌళి నవ్వేడు. "ఏటి మామా, సదువొచ్చీసిందేటి నీకు? నేను సదివి పెడతాను కదా."

అప్పారావు ఇద్దరి మొకాలూ సూసేడు. ఇంకుపేడు నా ఏపు జరిపేడు. ముద్ర అలికిపోతే మల్లీ ఏయించేడు.

సాయంత్రం సిరి వచ్చి సదివింది. నాలుగులో నా పేరే ఉంది. ఏడులో చంద్రమౌళిది. కాపీలకి పేజీకి రెండు చొప్పున నాలుగు రూపాయలు కట్టమన్నారు. పేరు మార్సిన ఆర్డరు ఏదీ రికార్డులో లేదు అని రాసి, సంతకం పెట్టేరు.

"ఇది సాలు తాతా. రేపు కాపీలు తెచ్చుకుని ఆర్డీవోకి అర్జీ పెడదాం," అన్నాది.

ఇంతలో బయట సైకిలు స్టేండేసిన సప్పుడు. చంద్రమౌళి. పిలవకుండానే అరుగు మీద కూకున్నాడు. మా రేషన్ కార్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కాయితం సిరి పుస్తకాల్లో దాసేసింది. నేనెల్లి ఎదురుగా కూకున్నాను. రేపు కాపీలకి ఎల్తాను. ఆ మాట మనసులోనే అనుకున్నాను, ఇంకా అతనికి సెప్పలేదు.